ఎప్పటికీ వచ్చే డబ్బుకు ధరెంత?

1993లో గుజరాత్‌కు చెందిన సర్దార్ సరోవర్ నర్మదా నిగమ్ ఒక బాండును అమ్మకానికి పెట్టింది. ఇవాళ 3,600 రూపాయలు కట్టండి, ఇరవై ఏళ్ల తర్వాత 2014 జనవరిలో 1,11,000 రూపాయలు తీసుకోండి అన్నది దాని సారాంశం. మధ్యలో ఏటేటా వడ్డీ రాదు. వడ్డీ అంతా చివర్లో వచ్చే మొత్తంలోనే కలిసి ఉంటుంది. నర్మద మీద ఆనకట్టకూ కాలువలకూ కావలసిన డబ్బు కోసం నిగమ్ ఇలా జనం దగ్గరకు వచ్చింది.

ఇలాంటి ప్రకటన చూడగానే మన కళ్లు ముప్పై రెట్లు అన్న లెక్క మీదకే పోతాయి. బాండుకు ధర కట్టేవాళ్లు చూసేది మాత్రం వేరు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే 1,11,000 రూపాయలు ఈరోజు ఎంతకు సమానం? ఆ మొత్తం 3,600 కంటే ఎక్కువైతే కొనొచ్చు, తక్కువైతే వదిలేయాలి. బాండు ఏదైనా, ప్రిఫరెన్స్ షేరు ఏదైనా ధర కట్టే పద్ధతి ఇదొక్కటే. అయితే లెక్క ఎంత సరిగ్గా చేసినా మరో ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ చెల్లింపును మధ్యలో ఆపే హక్కు ఎవరి చేతిలో ఉంది? నర్మదా బాండు కొన్నవాళ్లకు ఆ ప్రశ్న 2008లో ఎదురైంది. దాని దగ్గరకు వచ్చే ముందు లెక్క చూద్దాం.

ఒకే ఒక్క చెల్లింపు

పది శాతం వడ్డీకి వంద రూపాయలు ఇస్తే ఏడాదికి 110 అవుతుంది. రెండో ఏడు చక్రవడ్డీతో 121 అవుతుంది. ఇదే లెక్కను వెనక్కి తిప్పితే, రెండేళ్ల తర్వాత వచ్చే 121 రూపాయలు ఈరోజు వంద రూపాయలతో సమానం. ముందుకు పోయేటప్పుడు ఏడాదికొకసారి 1.10తో గుణించాం. వెనక్కి వచ్చేటప్పుడు ఏడాదికొకసారి 1.10తో భాగిస్తాం. మధ్యలో వడ్డీ ఇవ్వకుండా చివర్లో ఒకేసారి చెల్లించే బాండును జీరో కూపన్ బాండు అంటారు. దాని ధర కట్టడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ధర = చివర వచ్చే మొత్తం ÷ (1 + వడ్డీ రేటు)^ఏళ్లు

నర్మదా బాండుకు దీన్ని వర్తింపజేద్దాం. మన డబ్బు మీద ఏటా 15 శాతం వస్తే చాలనుకుంటే 1.15ను ఇరవైసార్లు గుణించాలి. 16.37 వస్తుంది. 1,11,000ను దానితో భాగిస్తే 6,782 రూపాయలు. అంటే 15 శాతం చాలనుకునే మనిషికి ఆ బాండు 6,782 రూపాయల సరుకు. నిగమ్ దాన్ని 3,600కే ఇస్తోంది. ఏ రేటు దగ్గర లెక్క సరిగ్గా 3,600 అవుతుందో వెతికితే సుమారు 18.7 శాతం దగ్గర తేలుతుంది. కొన్నవాళ్లకు చివరిదాకా ఉంటే ఏటా దక్కే రాబడి అదే.

ఇప్పుడు రేటును ఇంకాస్త దించి 12 శాతం పెట్టి చూడండి. ధర 11,507 రూపాయలకు చేరుతుంది. బాండులో ఏమీ మారలేదు, చివర్లో వచ్చే మొత్తం అదే, తేదీ అదే. రేటు ఒక్కటి 18.7 నుంచి 12కు తగ్గితే ధర మూడు రెట్లు దాటింది. వడ్డీ రేట్లు పెరిగితే బాండు ధర పడుతుంది, తగ్గితే పెరుగుతుంది అని తరచూ వింటుంటాం. జీరో కూపన్ బాండులో ఈ ఊగిసలాట మరీ ఎక్కువ. మామూలు బాండులో ఏటా కొంత వడ్డీ చేతికి వస్తుంది కాబట్టి డబ్బంతా చివరి తేదీ మీదే ఆధారపడదు. ఇక్కడ మొత్తం భారం ఆ ఒక్క తేదీ మీదే. గడువు ఎంత దూరంలో ఉంటే రేటులో చిన్న మార్పు కూడా ధరను అంతగా కదిలిస్తుంది.

మనకు దగ్గరగా దొరికే జీరో కూపన్ పత్రం కేంద్ర ప్రభుత్వ ట్రెజరీ బిల్లు. 91, 182, 364 రోజుల గడువుతో రిజర్వు బ్యాంకు వీటిని వేలం వేస్తుంది. 2021 నవంబరులో మొదలైన రిటైల్ డైరెక్ట్ పోర్టల్‌లో ఖాతా తెరిచి మామూలు మదుపరి కూడా పది వేల రూపాయల నుంచి కొనుక్కోవచ్చు. 91 రోజుల బిల్లు 98 రూపాయల 50 పైసలకు దొరికిందనుకోండి. గడువు తీరాక వంద వస్తుంది, లాభం రూపాయిన్నర. ఇక్కడ చాలామంది రూపాయిన్నరను వందతో భాగిస్తారు. మనం పెట్టింది 98.50 కాబట్టి దానితోనే భాగించాలి. వచ్చినదాన్ని 365తో గుణించి 91తో భాగిస్తే ఏడాదికి 6.11 శాతం అవుతుంది.

పదిహేనో ఏట వచ్చిన చట్టం

మళ్లీ నర్మదా బాండు దగ్గరకు వద్దాం. పదిహేనేళ్లు నిండినప్పుడు 50,000 రూపాయలు తీసుకుని బయటపడే వీలు బాండు పత్రంలో మదుపరికి ఉంది. ఆ తేదీన బలవంతంగా తీర్చేసే హక్కు మాత్రం నిగమ్‌కు లేదు. 1993 నాటికీ 2008 నాటికీ దేశంలో వడ్డీ రేట్లు బాగా దిగివచ్చాయి. పాత బాండు మీద 18 శాతం పైన భారం మోయడం నిగమ్‌కు కష్టమైంది. గుజరాత్ ప్రభుత్వం 2008లో ఒక చట్టం చేసి, బాండును ముందుగా తీర్చేసే అధికారాన్ని నిగమ్‌కు కట్టబెట్టింది. 2009 జనవరిలో ఒక్కో బాండుకు 50,000 ఇచ్చి లెక్క ముగించారు. మదుపరులు కోర్టులకు వెళ్లారు.

ఇక్కడ జరిగిన నష్టం పైపైన చూస్తే కనబడదు. 3,600 రూపాయలు పదిహేనేళ్లలో 50,000 అయ్యాయంటే ఏటా 19.2 శాతం వచ్చినట్టు. చివరిదాకా ఉంటే వచ్చే 18.7 కంటే అది కాస్త ఎక్కువే. అలాంటప్పుడు మదుపరికి పోయిందేమిటి అని ఎవరైనా అడగొచ్చు. జవాబు గడిచిన పదిహేనేళ్లలో లేదు, మిగిలిన ఐదేళ్లలో ఉంది.

2009 జనవరిలో ఆ బాండు అంటే ఐదేళ్ల తర్వాత 1,11,000 రూపాయలు ఇస్తానన్న కాగితం. ఆ కాగితానికి ఆరోజు ధర కడదాం. అప్పటికి 9 శాతం రేటు సబబనుకుంటే 1.09ని ఐదుసార్లు గుణించాలి. 1.5386 వస్తుంది. 1,11,000ను దానితో భాగిస్తే 72,143 రూపాయలు. మదుపరి చేతిలో ఉన్నది 72,143 రూపాయల ఆస్తి. దానికి బదులుగా చేతిలో పెట్టింది 50,000. తేడా 22,143 రూపాయలు. ఇంకోలా చెప్పాలంటే, ఆ 50,000ను 9 శాతానికి వేసుకున్నా ఐదేళ్లకు 76,931 అవుతుంది, 1,11,000 కాదు. ఆ మొత్తానికి చేరాలంటే ఏటా 17 శాతం పైన ఇచ్చే చోటు దొరకాలి. అంత రేటు ఇచ్చే నమ్మకమైన చోటు ఆ రోజుల్లో లేదు.

ఈ ఒక్క ఉదాహరణ రెండు సంగతులు చెబుతుంది. బాండు ధరకు మనం కొన్న ధరతో సంబంధం లేదు. ఇక ముందు రావలసిన డబ్బును ఈరోజు రేటుతో వెనక్కి తెస్తే వచ్చేదే ధర. రెండోది, చెల్లింపును ముందే ఆపేసే హక్కు అవతలివాళ్లకు ఉంటే, అది మనకు నష్టమైనప్పుడే వాళ్లు దాన్ని వాడతారు. రేట్లు పెరిగి పాత అప్పు చౌకగా మారిన రోజున ఎవరూ ముందుగా తీర్చడానికి రారు.

అసలు తిరిగి రాని అప్పు

ఇప్పుడు రెండో రకం చూద్దాం. ఇందులో చివరి తేదీయే ఉండదు. అసలు ఎప్పటికీ తిరిగి రాదు, వడ్డీ మాత్రం ఏటా వస్తూనే ఉంటుంది. మన గుళ్లలో శాశ్వత పూజకు డబ్బు కట్టడం తెలుగువాళ్లందరికీ పరిచయమే. ఒకసారి కొంత మొత్తం కడితే దాన్ని బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో ఏటా మనం చెప్పిన రోజున మన గోత్రనామాలతో పూజ జరిపిస్తారు. ఏటా 700 రూపాయలు ఖర్చయ్యే పూజకు, బ్యాంకు 7 శాతం ఇస్తుంటే, ఎంత కట్టాలి? పదివేలు. పదివేల మీద 7 శాతం 700 కాబట్టి అసలు ముట్టుకోకుండానే పూజ సాగుతుంది. 700ను 0.07తో భాగించాం, అంతే.

ధర = ఏటా వచ్చే మొత్తం ÷ వడ్డీ రేటు

అంతులేని చెల్లింపులకు అంతు ఉన్న ధర ఎలా వస్తుందన్నది చాలామందికి కలిగే సందేహం. జీరో కూపన్ లెక్కే దీనికి జవాబు. ప్రతి ఏటి చెల్లింపునూ ఒక విడి జీరో కూపన్ బాండు అనుకోవచ్చు. మొదటి ఏటిది, రెండో ఏటిది, మూడో ఏటిది అలా వరుసగా పేర్చి, ఒక్కోదాన్ని వెనక్కి తెచ్చి కూడితే శాశ్వత చెల్లింపు ధర వస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఒక్కో ముక్క విలువ చిక్కిపోతూ ఉంటుంది కాబట్టి మొత్తం ఒక చోట నిలుస్తుంది.

ఎంతగా చిక్కిపోతుందో అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. ఏటా 7,000 రూపాయలు ఎప్పటికీ వచ్చే పత్రానికి 7 శాతం రేటుతో ధర లక్ష రూపాయలు. ఆ లక్షలో మొదటి పదేళ్ల చెల్లింపుల వాటా సుమారు 49,000. మొదటి ముప్పై ఏళ్లు కలిపితే దాదాపు 87,000. యాభై ఏళ్ల తర్వాత వచ్చేవన్నీ కలిపితే 3,400 దాకా. వందేళ్లు గడిచాక, అక్కడి నుంచి కాలాంతం దాకా వచ్చే చెల్లింపులన్నిటి విలువ ఈరోజు 115 రూపాయలు. లక్షలో 115. కాబట్టి శాశ్వతం అన్న మాటకు ధరలో పెద్ద వాటా లేదు. మన జీవితకాలంలో వచ్చే చెల్లింపులే ధరలో అధిక భాగాన్ని మోస్తున్నాయి.

ఈ సూత్రం వాడేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటి చెల్లింపు సరిగ్గా ఏడాది తర్వాత వస్తుందన్న లెక్క దీని లోపల ఉంది. మొదటి చెల్లింపు రేపే రాబోతుంటే ఆ 7,000 అదనంగా కలపాలి, ధర 1,07,000 అవుతుంది. రెండోది, చెల్లింపు మూడు నెలలకొకసారి వస్తుంటే రేటు కూడా మూడు నెలలదే పెట్టాలి. త్రైమాసిక చెల్లింపును ఏడాది రేటుతో భాగిస్తే ధర నాలుగో వంతుకు పడిపోతుంది.

గుడి ఉదాహరణే మరో పరిమితిని కూడా చూపిస్తుంది. వచ్చే మొత్తం ఏటా 700 దగ్గరే ఆగిపోయి ఉంటుంది, పూల ధర మాత్రం ఆగదు. స్థిరమైన శాశ్వత చెల్లింపు కొన్నవాళ్లకు ధరల పెరుగుదల నుంచి రక్షణ ఏమీ లేదు.

బ్రిటిష్ కాన్సోల్ నేర్పిన పాఠం

గడువు లేని ప్రభుత్వ అప్పుకు ప్రపంచంలో పేరుమోసిన ఉదాహరణ బ్రిటన్ కాన్సోల్. 18వ శతాబ్దం నడుమ ఆర్థిక వ్యవహారాలు చూసిన ప్రధాని హెన్రీ పెల్హమ్ కాలంలో, అప్పటికి ఉన్న రకరకాల ప్రభుత్వ అప్పులను కలిపి ఒకే రకం పత్రంగా మార్చారు. చాలాకాలం దాని మీద 3 శాతం వడ్డీ. 1888లో ఆర్థిక మంత్రి గోషెన్ దాన్ని తగ్గించే ఏర్పాటు చేశాడు. 1903 నుంచి అది రెండున్నర శాతానికి దిగింది. వంద పౌండ్ల ముఖ విలువ ఉన్న కాగితం ఏటా రెండున్నర పౌండ్లు ఇస్తుంది, అసలు తీర్చే తేదీ లేదు.

దీని ధర కట్టడానికి పెన్సిల్ కూడా అక్కర్లేదు. మార్కెట్టులో రేటు 5 శాతం ఉంటే రెండున్నరను 0.05తో భాగిస్తే 50 పౌండ్లు. రేటు 10 శాతమైతే 25 పౌండ్లు. 1970ల నడుమ బ్రిటన్‌లో ధరలు మండిపోయి దీర్ఘకాల రేట్లు 15 శాతం దాకా పోయిన రోజుల్లో ఇదే లెక్క ప్రకారం దాని విలువ 17 పౌండ్ల కిందకు చేరుతుంది. ప్రభుత్వం ఒక్క చెల్లింపు కూడా ఎగ్గొట్టలేదు. అయినా వంద పౌండ్లు పెట్టి దాచుకున్న కుటుంబానికి ఆరింట ఐదు వంతులు కరిగిపోయినట్టే. చెల్లింపు మీద నమ్మకం ఒకటి, ధర మీద నమ్మకం మరొకటి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే ప్రభుత్వ పత్రంలో నష్టం ఎలా వస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు.

మరి రేటు 2 శాతానికి పడితే ధర 125 పౌండ్లు కావాలి కదా? సూత్రం అలాగే చెబుతుంది, కాగితం మాత్రం అలా ఒప్పుకోదు. కాన్సోల్‌ను ముఖ విలువకు తీర్చేసే హక్కు ప్రభుత్వం తన దగ్గర పెట్టుకుంది. వంద పౌండ్లు ఇచ్చి వెనక్కి తీసుకోగలిగినదాన్ని ఎవరైనా 125 పెట్టి కొంటే పాతిక పౌండ్లు ఏ రోజైనా పోవచ్చు. జరిగింది కూడా అదే. 2008 తర్వాత రేట్లు అట్టడుగుకు చేరాయి. విన్‌స్టన్ చర్చిల్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు 1927లో జారీ అయిన 4 శాతం కాన్సోల్‌ను 2015 ఫిబ్రవరిలో తీర్చేశారు. ఆ ఏడాది జులై వచ్చేసరికి రెండున్నర శాతం కాన్సోల్‌తో సహా గడువు లేని ప్రభుత్వ పత్రాలన్నీ ముగిసిపోయాయి. రెండున్నర శతాబ్దాలు సాగిన చెల్లింపు ఆగిపోవడానికి కారణం ప్రభుత్వం చితికిపోవడం కాదు, అంతకంటే చౌకగా అప్పు పుట్టడం.

ఎప్పటికీ డివిడెండు ఇచ్చే షేరు

మూడోది ప్రిఫరెన్స్ షేరు. పేరుకు షేరే కానీ తీరు బాండుకు దగ్గర. డివిడెండు ముందే నిర్ణయమై ఉంటుంది, కంపెనీ లాభం పదింతలైనా అది పెరగదు. డబ్బు పంచేటప్పుడు అప్పులిచ్చినవాళ్ల తర్వాత, మామూలు షేర్లవాళ్ల ముందు వీళ్ల వంతు. గడువు లేని ప్రిఫరెన్స్ షేరు అయితే అది నిరంతరం సాగే స్థిర డివిడెండే కాబట్టి కాన్సోల్ సూత్రమే సరిపోతుంది. డివిడెండును మనకు కావలసిన రాబడి రేటుతో భాగించాలి.

కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ షేరును తీసుకుందాం. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లలో చాలామందికి కరెంటు బిల్లు ఈ కంపెనీ నుంచే వస్తుంది. దీని 6 శాతం ప్రిఫరెన్స్ షేరు ముఖ విలువ 25 డాలర్లు. ఏటా డాలరున్నర డివిడెండు, మూడు నెలలకొకసారి 37.5 సెంట్ల చొప్పున. దీన్ని కంపెనీ వెనక్కి తీసుకునే వీలు లేదు. మదుపరికి 6 శాతం చాలనుకుంటే ధర 25 డాలర్లు. 7 శాతం కావాలంటే 21 డాలర్ల 43 సెంట్లు. 5 శాతానికి సరిపెట్టుకునే రోజుల్లో 30 డాలర్లు. ముందుగా తీర్చే హక్కు కంపెనీకి లేదు కాబట్టి ధర 25 దాటి పైకి పోవడానికి అడ్డు లేదు. అమెరికాలో చాలా బ్యాంకులు జారీ చేసే ప్రిఫరెన్స్ షేర్లలో కొన్నేళ్ల తర్వాత 25 డాలర్లకే తీర్చేసే హక్కు బ్యాంకుకు ఉంటుంది. వాటికి ఇదే సూత్రంతో 30 డాలర్లు కట్టి కొంటే కాన్సోల్ ఉదాహరణలో చూసిన ప్రమాదమే ఎదురవుతుంది.

ఇక ఏ రేటుతో భాగించాలి? ప్రభుత్వ బాండు రేటుతో భాగించకూడదు. అప్పు మీద వడ్డీ కట్టకపోతే కంపెనీ ఎగవేతదారు అవుతుంది. ప్రిఫరెన్స్ డివిడెండును మాత్రం డైరెక్టర్ల బోర్డు ఆపేయవచ్చు, దానికి దివాలా అక్కర్లేదు. ఆ అనుమానానికి తగినంత అదనపు శాతం రేటులో కలిపి తీరాలి. అదే కంపెనీ దీర్ఘకాల బాండు మీద మార్కెట్టులో దొరుకుతున్న రాబడిని చూసి, దాని మీద ఇంకొంత కలపడం అనుభవజ్ఞులు చేసే పని. కంపెనీ బాండు 6 శాతం ఇస్తుంటే దాని వెనక వరుసలో నిలబడే ప్రిఫరెన్స్ షేరుకు 6 శాతమే పెట్టి లెక్క కట్టడం తప్పు.

ఆ అనుమానం ఊరికే పుట్టినది కాదు. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగాయి. నష్టపరిహారం భారం ఎంత పడుతుందో తెలియని స్థితిలో ఈ కంపెనీ బోర్డు ఆ డిసెంబరులో డివిడెండ్లను నిలిపేసింది. 2019 జనవరిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది, 2020 జులైలో బయటపడింది. ప్రిఫరెన్స్ డివిడెండు మాత్రం 2022 దాకా రాలేదు. మొత్తం పదిహేడు త్రైమాసికాలు ఎండిపోయాయి.

అయితే ఈ షేరు క్యుములేటివ్ రకం. అంటే ఆగిన డివిడెండు బకాయిగా పేరుకుంటుంది, దాన్ని తీర్చకుండా మామూలు షేర్లకు పైసా ఇవ్వకూడదు. 2022 ఫిబ్రవరిలో బకాయిలన్నీ చెల్లించాలని బోర్డు నిర్ణయించింది, మే నెలలో డబ్బు ముట్టింది. 6 శాతం షేరుకు పదిహేడు విడతలు కలిపి 6 డాలర్ల 37.5 సెంట్లు. ఆలస్యానికి వడ్డీ లేదు.

ఈ ఆలస్యం ఖరీదు ఎంతో జీరో కూపన్ లెక్కే చెబుతుంది. ఏడాదికి 7 శాతం అనుకుంటే మూడు నెలలకు 1.75. పదిహేడు డివిడెండ్లూ వేళకు వచ్చి ఉంటే, 2017 నవంబరులో నిలబడి చూస్తే వాటి విలువ 5 డాలర్ల 47 సెంట్లు. అవన్నీ కలిసి పద్దెనిమిదో త్రైమాసికంలో ఒకేసారి వస్తే 4 డాలర్ల 67 సెంట్లు. నష్టం షేరుకు 80 సెంట్లు, 21.43 డాలర్ల ధరలో నాలుగు శాతం లోపే. అదే షేరు బకాయి పేరుకోని రకమైతే 5 డాలర్ల 47 సెంట్లూ పోయినట్టే. క్యుములేటివ్ అన్న ఒక్క మాట ఈ కథలో షేరుకు 4 డాలర్ల 67 సెంట్ల విలువ చేసింది. షేరు పత్రంలో ఆ మాట ఉందో లేదో చూడకుండా రెండింటికీ ఒకే రేటుతో ధర కట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దేశంలో ఈ సూత్రం ఎక్కడ పనికొస్తుంది

మన కంపెనీల ప్రిఫరెన్స్ షేర్లకు శాశ్వత సూత్రాన్ని నేరుగా వాడకూడదు. తీర్చే తేదీ లేని ప్రిఫరెన్స్ షేర్లను మన చట్టం 1988 సవరణతోనే ఆపేసింది. ఇప్పటి 2013 కంపెనీల చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లలోపు వాటిని తీర్చేయాలి. మౌలిక సదుపాయాల ప్రాజెక్టులకు మాత్రం కొన్ని షరతులతో ముప్పై ఏళ్ల దాకా వీలుంది. అయినా కామర్స్ పుస్తకాల్లో డివిడెండును రేటుతో భాగించే లెక్కే చాలామంది నేర్చుకుని వస్తారు. అది ఎంత తేడా తెస్తుందో చూద్దాం.

వంద రూపాయల ముఖ విలువ, ఏటా 8 రూపాయల డివిడెండు, మనకు కావలసిన రాబడి 10 శాతం. శాశ్వత సూత్రంతో ధర 80 రూపాయలు. ఇరవై ఏళ్ల తర్వాత వంద తిరిగి వస్తుందని లెక్కలో కలిపితే, ఇరవై డివిడెండ్ల విలువ 68.11, చివరి వంద విలువ 14.86, మొత్తం దాదాపు 83 రూపాయలు. తేడా మూడే. గడువు ఐదేళ్లే ఉంటే డివిడెండ్లకు 30.33, చివరి వందకు 62.09, మొత్తం 92.42. ఇప్పుడు శాశ్వత సూత్రం 12 రూపాయలకు పైగా తక్కువ చెబుతోంది. గడువు దూరంగా ఉంటే సూత్రం దగ్గరగా వస్తుంది, గడువు దగ్గరైతే తప్పుతుంది. గడువున్న ప్రిఫరెన్స్ షేరుకు డివిడెండ్లు విడిగా, చివరి మొత్తాన్ని ఒక జీరో కూపన్‌గా విడిగా లెక్కగట్టి కూడటమే సరైన దారి.

మన దగ్గర నిజంగా గడువు లేనివి బ్యాంకులు జారీ చేసే ఏటీ1 బాండ్లు. సాధారణంగా ఐదేళ్ల తర్వాత బ్యాంకు వాటిని తీర్చేసుకోవచ్చు, తీర్చాలన్న నిర్బంధం లేదు. చాలాకాలం మార్కెట్టు వాటిని ఐదేళ్ల బాండ్లలాగే చూసింది. 2020 మార్చిలో యెస్ బ్యాంకును గట్టెక్కించే క్రమంలో 8,415 కోట్ల రూపాయల ఏటీ1 బాండ్లను పూర్తిగా రద్దు చేశారు. ఆ వివాదం కోర్టులకెక్కింది. ఏడాది తర్వాత, 2021 మార్చిలో, ఇలాంటి బాండ్లకు వందేళ్ల గడువున్నట్టు లెక్కించి విలువ కట్టాలని మ్యూచువల్ ఫండ్లకు సెబీ చెప్పింది. ఫండ్ల విలువ ఒక్కసారిగా పడుతుందన్న ఆందోళనతో తర్వాత దాన్ని దశలవారీగా మార్చింది. వందేళ్ల తర్వాతి చెల్లింపుల విలువ లక్షలో 115 రూపాయలే అని ఇంతకుముందు చూశాం. కాబట్టి వందేళ్ల లెక్కకూ శాశ్వత లెక్కకూ తేడా దాదాపు లేదు. ఐదేళ్ల లెక్కకూ వందేళ్ల లెక్కకూ మాత్రం చాలా తేడా ఉంది. బ్యాంకు తన హక్కును వాడుకోకపోతే మదుపరి ఎక్కడ మిగులుతాడో సెబీ లెక్క చూపించింది.

కాబట్టి ఇలాంటి పత్రం ఎవరైనా మన ముందు పెట్టినప్పుడు ఏటా వచ్చే మొత్తాన్ని రేటుతో భాగించడం అర నిమిషం పని. మిగతా సమయం జారీ పత్రంలోని రెండు నిబంధనల మీద పెట్టడం మంచిది. ఏ తేదీ తర్వాత, ఎంత ఇచ్చి, ఎవరు దీన్ని ముగించగలరన్నది మొదటిది. ముగించే హక్కు వాళ్లదైతే, వాళ్లు ఇచ్చే మొత్తం కంటే బాగా ఎక్కువ ధర మనం పెట్టకూడదు. చెల్లింపు ఆగితే బకాయి నిలుస్తుందా, పోతుందా అన్నది రెండోది. పోతుందంటే భాగించే రేటు పెంచాలి. ఈ రెండు జవాబులు దొరికాక వచ్చే ధరే మనం నిజంగా పెట్టదగిన ధర.